నాలుగొందల లాభంలో ట్రేడర్ చేతికి పాతిక

మా అన్నయ్య కొడుకు పోయిన నెల ఓ ఆఫర్ లెటర్ పట్టుకుని వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చాడు. ద్వారకానగర్‌లో ఓ ప్రాప్ ట్రేడింగ్ డెస్క్‌లో ట్రేడర్ ఉద్యోగం. ఆరు నెలలు నెలకి పదిహేను వేలు, ఆ తర్వాత లాభంలో 30 శాతం. చేరేటప్పుడు లక్ష రూపాయలు డిపాజిట్ కట్టాలి.

"ముప్పై శాతం అంటే బాగానే ఉంది కదా బాబాయ్?" అన్నాడు.

"దేంట్లో ముప్పై శాతంరా?" అని అడిగాను. వాడి దగ్గర జవాబు లేదు. తొమ్మిదేళ్లు ఇలాంటి కుర్చీలోనే కూర్చుని బయటికొచ్చినవాణ్ణి కాబట్టి ఆ సాయంత్రం కాగితం, పెన్ను తీసుకుని ఇద్దరం లెక్కలు వేశాం. ఆ లెక్కలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్రాప్ ట్రేడింగ్ అంటే ఏమిటో చూద్దాం. మామూలు బ్రోకర్ కస్టమర్ల కోసం కొని అమ్మి కమీషన్ తీసుకుంటాడు. ప్రాప్ సంస్థకి కస్టమర్లు ఉండరు. తన సొంత డబ్బుతోనే కొంటుంది, అమ్ముతుంది. ఎక్స్ఛేంజ్‌కి వెళ్లే ప్రతి ఆర్డర్ మీదా అది కస్టమర్‌దా, సభ్యుడి సొంతమా అన్న గుర్తు ఉంటుంది. సొంతమైతే ‘ప్రో’ అంటారు. ట్రేడర్ కుర్చీలో కూర్చునేది ఆ ప్రో ఖాతా నడపడానికే. నష్టమొస్తే సంస్థ భరిస్తుంది, లాభమొస్తే ట్రేడర్‌కి వాటా ఇస్తుంది. సూత్రం వరకూ ఇంతే.

ఈ రంగంలో రెండు లోకాలున్నాయి. ఒకటి ముంబై, గురుగ్రామ్, బెంగళూరుల్లోని పెద్ద సంస్థలది. అక్కడ ఐఐటీల నుంచి తీసుకున్న పిల్లలు ప్రోగ్రాములు రాస్తారు, ట్రేడింగ్ యంత్రాలు చేస్తాయి, జీతానికి తోడు ఏడాది చివర బోనస్ ఉంటుంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం 2023-24లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో ప్రాప్ ట్రేడర్లకి వచ్చిన స్థూల లాభం దాదాపు 33,000 కోట్లు. అందులో 96 శాతం ఆల్గో ట్రేడింగ్ నుంచే వచ్చింది. రెండో లోకం మా వైజాగ్ డెస్క్‌ల లాంటిది. పది పదిహేను కుర్చీలు, కుర్చీకి రెండు స్క్రీన్లు, చేత్తో ఆర్డర్లు కొట్టే మనుషులు. వీళ్లని మార్కెట్లో ఇప్పటికీ జాబర్లనే అంటారు. మావాడికి వచ్చింది ఈ రెండో లోకం ఉద్యోగం.

చేత్తో కొట్టేవాడు యంత్రంతో వేగంలో పోటీ పడలేడు. ఇందులో మన చేతకానితనం ఏమీ లేదు, అది దూరం సంగతి. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్, అంటే ఎన్ఎస్ఈ, యంత్రాలు ముంబైలో ఉన్నాయి. వైజాగ్ నుంచి గీత గీసినట్టు కొలిచినా సుమారు 1,100 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుందనుకున్నా ఆర్డర్ వెళ్లడానికే ఐదున్నర మిల్లీసెకన్లు పడుతుంది. అసలు కేబుల్ తిన్నగా వేసి ఉండదు కాబట్టి ఇంకా ఎక్కువే. పెద్ద సంస్థల కంప్యూటర్లు ఎక్స్ఛేంజ్ భవనంలోనే అద్దెకుంటాయి, వాటి వేగాన్ని మైక్రోసెకన్లలో కొలుస్తారు. మనం మీట నొక్కేలోపు వాళ్లు వెయ్యిసార్లు ఆలోచించుకోగలరు. అందుకని మాలాంటివాళ్లకి మిగిలేది వేగం కాకుండా ఓపికతో నడిచే పని. ఆ పనుల్లో ఒకటి తీసుకుని మొత్తం విప్పి చూపిస్తాను.

దాన్ని క్యాలెండర్ స్ప్రెడ్ అంటారు. ఫ్యూచర్ అంటే ఫలానా తేదీకి ఈ ధరకి అని ఇప్పుడే కుదుర్చుకునే ఒప్పందం. ఒకే షేరుకి ఈ నెల ఫ్యూచర్ ఒకటి, వచ్చే నెల ఫ్యూచర్ ఒకటి ఉంటాయి. ఈ నెలది 1,200 దగ్గర ఉంటే వచ్చే నెలది దాదాపు 1,207 దగ్గర ఉంటుంది. ఆ ఏడు రూపాయలు ఊరికే రాలేదు. 1,200కి ఏడాదికి 7 శాతం వడ్డీ లెక్కన ఒక నెలకి అయ్యేది సరిగ్గా ఏడు రూపాయలు. షేరు పైకెళ్లినా కిందకొచ్చినా రెండు ఫ్యూచర్లూ కలిసే కదులుతాయి, మధ్య తేడా మాత్రం ఏడు దగ్గరే ఊగుతుంది. జాబర్‌కి షేరు ఎటు పోతుందో అక్కర్లేదు. ఆ తేడా ఎంతుందో చూస్తే చాలు.

ఈ నెల ఫ్యూచర్ గడువు తీరే రోజు, అంటే ఎక్స్‌పైరీ, దగ్గరపడే వారంలో పెద్ద ఫండ్లు తమ పొజిషన్లని వచ్చే నెలకి మార్చుకుంటాయి. ఈ నెలది అమ్మి వచ్చే నెలది కొంటాయి. దాన్నే రోల్ఓవర్ అంటారు. ఒకేసారి అంత కొనుగోలు పడితే తేడా ఏడు నుంచి ఎనిమిదికి సాగుతుంది. అప్పుడు జాబర్ వచ్చే నెలది 1,208కి అమ్మి, ఈ నెలది 1,200కి కొంటాడు. రద్దీ తగ్గి తేడా 7.20కి దిగాక రెండింటినీ తిప్పేస్తాడు. షేరుకి 80 పైసలు మిగిలాయి. ఫ్యూచర్లు లాట్ అనే కట్టల లెక్కనే కొని అమ్ముతారు. లాట్‌కి 500 షేర్లనుకుంటే లాట్ మీద నాలుగొందల రూపాయలు.

వాడి మొహంలో వెలుగు అక్కడే వచ్చింది. రోజుకి ముప్పై లాట్లు చేస్తే పన్నెండు వేలు కదా అని లెక్క కట్టేశాడు కూడా.

ఇప్పుడు ఖర్చులు చూద్దాం. ఎస్‌టీటీ, అంటే లావాదేవీల పన్ను, ఫ్యూచర్స్ అమ్మినప్పుడు పడుతుంది. 2024 అక్టోబర్ 1న అది 0.02 శాతం అయింది, ముందు ఆ రేటుతో చూద్దాం. వినడానికి చీమంత. కానీ అది లాభం మీద కాదు, మొత్తం విలువ మీద. మన ట్రేడ్‌లో అమ్మకాలు రెండు, ఒక్కోటి దాదాపు ఆరు లక్షలు. పన్నెండు లక్షల మీద 0.02 శాతమంటే 241 రూపాయలు. కొన్నప్పుడు పడే స్టాంప్ డ్యూటీ 24. ఎక్స్ఛేంజ్ చార్జీలు 42. సెబీ ఫీజు, జీఎస్టీ కలిపి ఇంకో పది. మొత్తం 317. నాలుగొందల్లో మిగిలింది 83. అందులో 30 శాతం ట్రేడర్ వాటా, అంటే పాతిక రూపాయలు.

"పాతికా?" అన్నాడు. పాతికే. రోజుకి ముప్పై లాట్లు చేసినా ఏడొందల యాభై. అది కూడా ఒక్క తప్పూ చేయకపోతే.

ఇదే లెక్కని రేట్లు మారిన వరసలో చూస్తే ఈ వృత్తికి ఏమైందో తెలుస్తుంది. ఫ్యూచర్స్ మీద ఎస్‌టీటీ 2023 మార్చి దాకా 0.01 శాతం, ఆ ఏప్రిల్ నుంచి 0.0125, తర్వాత 0.02. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో దాన్ని 0.05 శాతానికి పెంచే ప్రతిపాదన పెట్టారు. 0.05తో చూస్తే మన ట్రేడ్‌కి ఎస్‌టీటీ ఒక్కటే 602 రూపాయలు, అన్నీ కలిపి ఖర్చు 678. నాలుగొందలు సంపాదించిన ట్రేడ్ 278 నష్టంతో ముగుస్తుంది. ఊరికే గట్టెక్కాలన్నా తేడా రూపాయి ముప్పై ఆరు పైసలు కదలాలి. ఏడు రూపాయల తేడా అంత కదిలే రోజులు తక్కువ. అందుకే ఎవరైనా ‘మా ట్రేడర్లు రోజూ వందల ట్రేడ్లు చేస్తారు’ అని చెబితే ఏ ఏడాది రేట్లతో చెబుతున్నారో అడగాలి. పదేళ్ల కిందటి జాబర్ల కథలు అబద్ధాలు కావు. ఆ లెక్క ఇప్పుడు నడవదు, అంతే.

ఇక రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. మార్కెట్ 9:15కి తెరుచుకుంటుంది కానీ డెస్క్‌లో ఎనిమిదింపావుకే ఉండాలి. మొదట చూసేది నిఫ్టీ ఎటు పోతుందో కాదు, ఈ రోజు ఏ షేర్లకి డివిడెండ్ తేదీ ఉంది, కొత్త పొజిషన్లు తీసుకోవడానికి వీల్లేకుండా ఏవి ఎఫ్అండ్ఓ బ్యాన్‌లో పడ్డాయి, ఏ కంపెనీ ఫలితాలు వస్తాయి అన్నది. డివిడెండ్ విషయం ఎందుకంటే, కొత్తవాళ్లు మొదటి నెలలోనే ఇక్కడ బోల్తా పడతారు. స్క్రీన్ మీద ఒక షేరుకి తేడా ఏడు బదులు రెండే కనిపిస్తుంది. అరే, ఇంత చవకా అని కొనేస్తారు. అసలు సంగతి, రెండు ఎక్స్‌పైరీల మధ్యలో ఆ కంపెనీ ఐదు రూపాయల డివిడెండ్ ఇవ్వబోతోంది. డివిడెండ్ పోయిన రోజు షేరు ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి వచ్చే నెల ఫ్యూచర్ ముందే ఐదు తగ్గి నిలబడింది. ఏడులోంచి ఐదు తీస్తే రెండు. ధర సరిగ్గానే ఉంది, చూసేవాడికే క్యాలెండర్ తెలియలేదు. ఆ రెండు ఏడవుతుందని ఎన్ని రోజులు ఎదురుచూసినా కాదు.

తెరిచాక మొదటి పావుగంట నేనైతే ఏమీ చేసేవాణ్ణి కాదు. ధరలు కుదురుకోనివ్వాలి. తర్వాత వచ్చే నెల ఫ్యూచర్‌లో 1,208కి అమ్మకం ఆర్డర్ పెట్టి క్యూలో కూర్చోవడమే. ఈ నెల దాంట్లో జనం ఎక్కువ, ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది. వచ్చే నెల దాంట్లో జనం తక్కువ కాబట్టి అక్కడ కాచుకుంటాం. మన ఆర్డర్ పడగానే ఎఫ్1 నొక్కి ఈ నెలది కొనాలి. టెర్మినల్‌లో ఎఫ్1 కొనుగోలు, ఎఫ్2 అమ్మకం. ఏడాది గడిచేసరికి ఈ రెండు మీటల మీద అక్షరాలు అరిగిపోతాయి.

అసలు ప్రమాదమంతా ఆ ఎఫ్2కీ ఎఫ్1కీ మధ్య ఉంది. స్ప్రెడ్‌లోని ఒక్కో వైపునీ లెగ్ అంటారు. ఒక లెగ్ పడింది, రెండోది పడలేదు. ఆ క్షణంలో మీరు స్ప్రెడ్ ట్రేడర్ కాదు, షేరు పడుతుందని పందెం కాసినవాడు. ఎక్స్ఛేంజ్‌లో రెండు లెగ్‌లూ కలిసే పడే స్ప్రెడ్ ఆర్డర్ కూడా ఉంది, కానీ మనకి కావలసిన ధర అక్కడ తీరిగ్గా దొరకదు.

నాకు జరిగింది చెబుతాను. పది లాట్లు 1,208కి అమ్మకం పడ్డాయి. ఈ నెలది 1,200కి కొనబోతే ఏదో వార్త, ధర 1,202 అయింది. రెండు రూపాయల నష్టానికి కొనేసుంటే పదివేలు పోయేది. వెనక్కి వస్తుందిలే అని ఆగాను. 1,204. ఇంకొంచెం ఆగాను. చెయ్యి మౌస్ మీదే ఉంది, వేలు కదల్లేదు. పక్క కుర్చీ అతను "అన్నా, కొట్టెయ్" అంటూనే ఉన్నాడు. 1,209కి కొన్నాను. తొమ్మిది రూపాయలు, ఐదువేల షేర్లు, నలభై ఐదు వేలు. లాట్‌కి 83 మిగిలే పనిలో ఐదొందల నలభై లాట్ల కష్టం రెండు నిమిషాల్లో పోయింది. టీకి కిందికి దిగితే గ్లాసు చేతిలో వణికింది.

రిస్క్ చూసే మనిషి ఉండేది ఇందుకే. ప్రతి ట్రేడర్‌కీ రోజుకి ఇంత నష్టం దాటకూడదని గీత ఉంటుంది. ఉదాహరణకి పదిహేను వేలనుకోండి, అది దాటగానే టెర్మినల్‌లో కొత్త పొజిషన్ తీసుకోనివ్వదు, ఉన్నవి మూసుకోవడానికే వీలుంటుంది. నాకు కోపమొచ్చిన రోజులున్నాయి. కానీ నేను చూసిన పెద్ద నష్టాలన్నీ మొదటి తప్పు వల్ల వచ్చినవి కావు, దాన్ని పూడ్చాలని అదే రోజు రెట్టింపు లాట్లు కొట్టడం వల్ల వచ్చినవి. గీత లేని డెస్క్ ఉదారమైనదని మురిసిపోనక్కర్లేదు. అక్కడ పోయేది వాళ్ల డబ్బు కాదేమోనని అనుమానించాలి.

3:30కి మార్కెట్ మూస్తారు. ఆ తర్వాత గంట సేపు అసలు చదువు. మన షీట్‌నీ డెస్క్ షీట్‌నీ సరిపోల్చాలి, గ్రాస్ ఎంత, ఖర్చులెంత, నికరం ఎంత. నష్టమొచ్చిన ప్రతి ట్రేడ్ పక్కన కారణం ఒక్క మాటలో రాసుకోవాలి. డివిడెండ్, లెగ్, తప్పు క్వాంటిటీ, ఆగడం. నా పుస్తకంలో మూడు నెలలు తిరిగేసరికి సగం నష్టానికి పక్కన ‘ఆగడం’ అని ఉంది. ఏ కోచింగ్ సెంటర్ నాకు చెప్పలేని సంగతి అది.

ఇప్పుడు మళ్లీ జీతం దగ్గరికొద్దాం. వాటా మొదలయ్యాక ఎలా ఉంటుందో 0.02 శాతం రేటుతోనే నాలుగు నెలల లెక్క వేసి చూపించాను. మొదటి నెల ట్రేడర్ ఏడొందల ఇరవై లాట్లు తిప్పాడు. గ్రాస్ రెండు లక్షల ఎనభై ఎనిమిది వేలు, ఖర్చులు పోగా దాదాపు అరవై వేలు. అందులోంచి సాఫ్ట్‌వేర్, కుర్చీ, లైన్ ఖర్చులని పన్నెండు వేలు తీస్తారు. మిగిలింది 48,000, వాటా 14,400. రెండో నెల నా లాంటి లెగ్ ఒకటి తగిలి మొత్తం మీద 70,000 నష్టం. వాటా సున్నా. మూడో నెల 55,000 లాభం, కానీ వాటా మళ్లీ సున్నాయే. పాత నష్టం ముందు పూడాలి కదా, ఇంకా 15,000 బాకీ. నాలుగో నెల 90,000. బాకీ పోగా 75,000, వాటా 22,500.

మధ్యలో రెండు నెలలు ఇంటికి రూపాయి రాలేదు. మూడో నెల బాగా పనిచేసి కూడా ఖాళీ చేతులతో వెళ్లడం చాలామందికి మింగుడు పడదు. కానీ కూడి చూడండి. నాలుగు నెలల నికర లాభం 1,23,000, వచ్చిన వాటా 36,900. సరిగ్గా 30 శాతం. నష్టాన్ని తర్వాతి నెలకి మోసుకెళ్లడం మోసం కాదు. అది లేకపోతే ట్రేడర్ ఒక నెల పోగొట్టి, మరో నెల వాటా తీసుకుని, సంస్థని ముంచగలడు. నెలకి సగటున తొమ్మిది వేలు వచ్చిందన్నది వేరే బాధ. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా ఈ పనికి రావద్దని అనేది అందుకే. ఇంటి అద్దె టెన్షన్‌తో కూర్చున్నవాడే ఎక్కువగా ‘ఆగుతాడు’.

అసలు చూడాల్సింది మరో చోట ఉంది. మావాడి కాగితంలో లక్ష డిపాజిట్ గురించి ఒక పేజీలో, మొత్తం నష్టం లక్ష దాటితే ఒప్పందం రద్దన్న మాట వేరే పేజీలో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. నష్టం డిపాజిట్‌లోంచి తీస్తారు, డిపాజిట్ అయిపోగానే పంపేస్తారు. అంటే సంస్థ ఒక్క రూపాయి కూడా నష్టం భరించదు. లాభం వస్తే మాత్రం 70 శాతం దానిది. నష్టం తనదైతేనే సంస్థ 70 శాతం తీసుకోవడంలో న్యాయముంది. ఇక్కడ పోయేది వీడి లక్ష, సంస్థ ఇచ్చేది ట్రేడ్‌కి హామీగా పెట్టే మార్జిన్ మాత్రమే. పైగా ప్రో ఖాతా అంటే సభ్యుడి సొంత డబ్బని ముందే చెప్పుకున్నాం. బయటివాళ్ల డబ్బు ఆ ఖాతాలో నష్టాలకి కట్టడమే తేడాగా ఉంది.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఫ్యూచర్స్, ఆప్షన్ల టెర్మినల్ మీద ఆర్డర్ పెట్టే మనిషి సెబీ శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ఎం పెట్టే సిరీస్ 8 పరీక్ష పాసై ఉండాలి. అరవై శాతం మార్కులు రావాలి, తప్పు జవాబుకి నాలుగో వంతు మార్కు పోతుంది, సర్టిఫికెట్ మూడేళ్లే పనిచేస్తుంది. అదేమంత కష్టమైన పరీక్ష కాదు, రెండు వారాలు కూర్చుంటే వస్తుంది. నిజమైన డెస్క్ చేరే ముందే దీని గురించి అడుగుతుంది, ఎందుకంటే యూజర్ ఐడీ మన పేరు మీద తీయాలి. దాని ఊసే లేకుండా డబ్బు కట్టించుకుని ఫోన్‌లో ఓ యాప్ లాగిన్ ఇచ్చారంటే ఆ ఆర్డర్లు ఎక్స్ఛేంజ్‌కి చేరుతున్నాయో లేదో అనుమానమే. ‘చాలెంజ్ పాసైతే మా డబ్బు ఇస్తాం’ అంటూ ప్రవేశ రుసుము వసూలు చేసే ఆన్‌లైన్ బాపతుకి ఆదాయం ఫెయిలైనవాళ్ల ఫీజుల్లోంచే వస్తుంది.

ఏం చదవాలని వాడు అడిగాడు. డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు. 1,200కి నెల వడ్డీ ఎంతో, 80 పైసలు మిగిలితే ఖర్చులు పోను ఏం వస్తుందో కాలిక్యులేటర్ ముట్టుకోకుండా చెప్పగలగాలి. ఎక్సెల్‌లో రోజూ యాభై షేర్ల తేడాలు, డివిడెండ్ తేదీలు వాటంతటవే వచ్చేలా షీటు కట్టుకోగలగాలి. కొద్దిగా పైథాన్ వస్తే ఇంకా మంచిది, చేత్తో కొట్టే పని ఎన్నాళ్లుంటుందో ఎవరికీ నమ్మకం లేదు, ఆ షీట్లు రాసే పని మాత్రం పెద్ద సంస్థల్లోనూ ఉంటుంది. చార్టుల మీద గీతలు గీసే కోర్సులకి యాభై వేలు పోయొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. స్ప్రెడ్ పనిలో వాటి అవసరం నాకు ఒక్కరోజూ రాలేదు.

లేచేటప్పుడు కాగితం వెనక మూడు ప్రశ్నలు రాసిచ్చాను. వాటా గ్రాస్ మీదా, అన్ని ఖర్చులూ పోయిన నికరం మీదా? డిపాజిట్ దాటిన నష్టం ఎవరిది? గత మూడు నెలల్లో ఓ కొత్త ట్రేడర్ లాభనష్టాల షీట్, పేరు తీసేసి అయినా సరే, చూపిస్తారా?

సోమవారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "వాటా నికరం మీదేనట బాబాయ్. షీట్ మాత్రం డిపాజిట్ కట్టాక చూపిస్తామన్నారు."